దొంగ ఎటు పరిగెడుతున్నాడు?

ఛేజ్ సీన్ అనగానే వేగమే గుర్తొస్తుంది. స్టోరీబోర్డు గీసే ఆర్టిస్టు మాత్రం ముందు దిక్కు తేల్చుకోవాలి.

ఒక బజారు వీధి అనుకుందాం. ముందు దొంగ, వెనక కానిస్టేబుల్. మొదటి ప్యానెల్ మేడ మీంచి చూసినట్టు గీస్తాం: వీధి పొడవు, చివర రైల్వే గేటు, ఇద్దరి మధ్య దూరం అన్నీ తెలియాలి. ఇద్దరూ ఎడమ నుంచి కుడికి పరిగెడుతున్నారు. తర్వాత దొంగ ఒక్కడే ఒక ప్యానెల్లో, కానిస్టేబుల్ ఒక్కడే మరో ప్యానెల్లో. వాళ్ల దిక్కు మారలేదు కాబట్టి చూసేవాడు ఇద్దరినీ తనే కలుపుకుంటాడు.

నాలుగో ప్యానెల్ దగ్గరే చిక్కు. ఎదుటి పక్క నుంచి చూస్తే వెనకాల పండ్ల దుకాణాలు అందంగా కనిపిస్తాయని కెమెరాను అక్కడికి మారుస్తాం. దొంగ ఇప్పుడు కుడి నుంచి ఎడమకి పరిగెడతాడు! వీధిలో ఏమీ మారలేదు, కానీ తెరమీద వాడు వెనక్కి తిరిగి కానిస్టేబుల్‌కే ఎదురెళ్తున్నట్టుంటుంది. అందుకే పరుగు దారి వెంట ఒక గీత ఊహించుకుని కెమెరాను దానికి ఒకే పక్కన ఉంచుతారు. దాటక తప్పకపోతే మధ్యలో దొంగ నేరుగా కెమెరా మీదికే దూసుకొచ్చే ప్యానెల్ ఒకటి వేస్తారు. అందులో కుడీ లేదు, ఎడమా లేదు. ఆ తర్వాత ఏ పక్కకి వెళ్లినా కన్ను ఒప్పుకుంటుంది.

దూరం సంగతి ఇంకా మోసకారిది. టెలిఫొటో లెన్సుతో ఎదురుగా చూస్తే కానిస్టేబుల్ చెయ్యి దొంగ కాలర్‌కి అందేలా ఉంటుంది. మరుసటి ప్యానెల్ వైడ్ లెన్సుతో వెనక నుంచి గీస్తే ఇద్దరి మధ్యా సగం వీధి ఖాళీ. చూసేవాడికి ఇది దొంగాటలా అనిపిస్తుంది. ప్రతి ప్యానెల్ కిందా ‘పది అడుగులు’, ‘ఆరు అడుగులు’ అని రాసుకుని, మూడు నాలుగు ప్యానెళ్లకోసారి ఇద్దరినీ ఒకే ఫ్రేమ్‌లో చూపించడం మేలు. తోపుడు బండి మీంచి దూకాలంటే, దూకే బొమ్మకి ముందే బండి కనబడాలి.

జార్జ్ మిల్లర్ ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ (2015) కోసం సుమారు 3,500 ప్యానెళ్లు గీయించాడు. ఆ సినిమాలో షాట్లు క్షణాల్లో మారిపోతున్నా ముఖ్యమైనది ఎక్కువగా ఫ్రేమ్ మధ్యలోనే ఉంటుంది. కన్ను వెతుక్కోనక్కర్లేదు.

మన బోర్డు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవాలంటే రాతలన్నీ మూసేసి, కథ తెలియని వాళ్లకి ప్యానెళ్లు వరసగా చూపించి, కానిస్టేబుల్ ఇప్పుడు ఎక్కడున్నాడని అడగాలి. జవాబు కోసం వెనక ప్యానెల్‌కి వెళ్లారంటే లోపం అక్కడే. చాలాసార్లు ఆ బొమ్మను కుడిఎడమలు తిప్పితే సరిపోతుంది, దుకాణం బోర్డుల మీది అక్షరాలు మాత్రం మళ్లీ రాసుకోవాలి.