పేరు గుర్తురాకపోయినా పలకరింపు తగ్గకూడదు

పెళ్లి మండపంలో ఒకాయన నవ్వుతూ ఎదురొస్తారు. ముఖం బాగా తెలిసినదే. ఎరువుల దుకాణం నడిపేవారని కూడా గుర్తుంది. పేరు మాత్రం ఎంతకీ రాదు. అభిమానం లేకపోవడం దీనికి కారణం కాదు. 1987లో బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి కొత్త ముఖాలు చూపించి, వాళ్ల పేర్లూ వృత్తులూ నేర్పారు. తర్వాత అడిగితే వృత్తులు వచ్చినంత తేలిగ్గా పేర్లు రాలేదు. ఒకే మాటను ఒకచోట పేరుగా, మరోచోట వృత్తిగా చెప్పినా అంతే. వృత్తి వెంట దుకాణం, సరుకు, బేరం అన్నీ గుర్తొస్తాయి. పేరుకు అలాంటి ఆసరా ఉండదు.

మన దగ్గర పెద్దవాళ్లను ఎలాగూ పేరు పెట్టి పిలవం కాబట్టి పలకరింపుకు అడ్డేమీ లేదు. రెండడుగులు ముందుకు వేసి, చేతులు పట్టుకుని, "రండి రండి! ఎప్పుడొచ్చారు? భోజనం చేశారా?" అంటే చాలు. తటపటాయిస్తే ఆ తేడా ఎదుటివారికి ఇట్టే తెలిసిపోతుంది. వరస కలిపేటప్పుడు మాత్రం జాగ్రత్త. తండ్రి వైపు బాబాయిని "మామయ్యా" అన్నామంటే ఎవరో పోల్చుకోలేదని తేలిపోతుంది. వరస తెలియకపోతే "అండీ"తోనే సరిపెట్టాలి. "నాన్నగారు ఎలా ఉన్నారు?" అనీ అడగకూడదు. ఆయన కాలం చేసి ఉంటే మాట తప్పిపోతుంది. "ఇంట్లో అందరూ కులాసాయేనా?" అన్నది క్షేమం.

ఇక పేరు తెలుసుకోవాలి. భార్యాభర్తలు ముందే ఒక మాట అనుకుంటే మేలు. భర్త పరిచయం చేయకుండా నిలబడితే, భార్యే చొరవగా "నమస్కారమండీ, నేను ఈయన భార్యను, సరళను" అంటుంది. అవతలి వారు చాలాసార్లు తమ పేరో, ఊరో, ఇంటిపేరో చెబుతారు. అదీ కుదరకపోతే ఫోన్ ఇచ్చి "మీ నంబరు మీరే ఎక్కించండి" అనవచ్చు. పేరు కూడా వాళ్లే రాస్తారు. ఆయన పక్కకు వెళ్లాక చదివింపులు రాసే వారినో, అందరినీ ఎరిగిన పెద్దమ్మనో అడిగినా సరే.

ఊహించి ఏదో ఒక పేరు అనేయడం మాత్రం వద్దు. పేరు పలకకపోతే చాలామంది గమనించరు. తప్పు పేరు పలికితే అందరికీ వినిపిస్తుంది. ఆయనే నేరుగా "నా పేరు చెప్పు చూద్దాం" అంటే దాపరికం అక్కడితో ఆపాలి. "మీ దుకాణం కళ్లకు కడుతోంది, పేరే రావడం లేదు, మీరే చెప్పాలి" అంటే, తనను మరిచిపోలేదని ఆయనకు అర్థమవుతుంది. పేరు చెప్పగానే ఆ పేరుతోనే ఇంట్లోవాళ్లకు పరిచయం చేయాలి. ఒకసారి నోటితో పలికిన పేరు మరోసారి గుర్తొచ్చే అవకాశం ఎక్కువ.