వారం తప్పకుండా యానిమేషన్ ఎపిసోడ్

యానిమేషన్ ఎపిసోడ్ తయారీలో స్క్రిప్టు, గొంతుల రికార్డింగు, యానిమేషన్, రెండరింగ్ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. ఒక్కో ఎపిసోడ్‌నూ విడిగా, విడుదల వారంలోనే పూర్తి చేస్తుంటే ఏ దశలో ఆలస్యమైనా తేదీ తప్పుతుంది. సుమారు ఆరు రోజుల్లో ఎపిసోడ్ సిద్ధం చేసే అమెరికా సిరీస్ ‘సౌత్ పార్క్’కు 2013 అక్టోబరులో ఇదే ఎదురైంది. స్టూడియోలో కరెంటు పోయి, ఆ సిరీస్ తొలిసారి ప్రసార తేదీని అందుకోలేకపోయింది. నాలుగేసి ఎపిసోడ్ల పనిని దశలవారీగా కలిపి చేసుకుంటే ఇలాంటి అవాంతరాన్ని తట్టుకునే నిల్వ ఏర్పడుతుంది.

ఇద్దరు ముగ్గురు కలిసి బ్లెండర్‌లో చేసే రెండు నిమిషాల త్రీడీ సిరీస్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. ముందుగా నాలుగు స్క్రిప్టులూ పూర్తిచేసి పక్కపక్కన పెట్టి చూడాలి. వంటింటి సన్నివేశాలు మూడు కథల్లో ఉంటే, ఆ సెట్టునూ వెలుతురునూ ఒక్కసారి సిద్ధం చేస్తే చాలు. స్క్రిప్టు ఖరారయ్యాకే రికార్డింగుకు వెళ్లాలి. పెదవుల కదలికను గొంతును బట్టి అమరుస్తారు కాబట్టి, తర్వాత మాట మారితే యానిమేషన్ కూడా మళ్లీ చేయాలి.

రికార్డింగులో ఒక పాత్ర మాటలన్నీ ఒకే పూట, అదే గదిలో, మైక్‌కు అంతే దూరం నుంచి చెప్పిస్తే ఎపిసోడ్ల మధ్య గొంతు తేడా రాదు. అరుపులు, ఏడుపులు చివరికి ఉంచాలి. అవి ముందే చెబితే గొంతు బొంగురుపోయి మామూలు మాటలు కూడా పాడవుతాయి. గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేసుకుంటే మాటల మధ్య అతుకులు వినిపించకుండా సర్దవచ్చు.

సెకనుకు 24 ఫ్రేముల చొప్పున రెండు నిమిషాలకు 2,880 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము రెండర్ కావడానికి 30 సెకన్లు పడితే ఎపిసోడ్‌కు 24 గంటలు కావాలి. కంప్యూటరును రాత్రి 12 గంటల చొప్పున వదిలేస్తే నాలుగింటికి ఎనిమిది రాత్రులు పడతాయి. కాబట్టి మొదటి ఎపిసోడ్ యానిమేషన్ పూర్తికాగానే దాని రెండరింగ్ మొదలుపెట్టి, పగలు మిగతావాటి పని సాగించాలి. నేరుగా వీడియోగా కాక PNG బొమ్మల వరుసగా రెండర్ చేస్తే, మధ్యలో కరెంటు పోయినా పూర్తయిన ఫ్రేములు మిగులుతాయి.

```
blender -b ep01.blend -s 1 -e 2880 -a
```

1,200వ ఫ్రేము తర్వాత పని ఆగితే `-s 1201` అని మార్చి అక్కడి నుంచే కొనసాగించవచ్చు.

ఈ పద్ధతిలో ఒక్క పొరపాటు నాలుగు ఎపిసోడ్లకూ పాకే ప్రమాదం ఉంది. అందుకే పూర్తి రెండరింగ్‌కు ముందు ప్రతి సన్నివేశం నుంచి రెండు మూడు ఫ్రేములు తీసి పరిశీలించాలి. ప్రేక్షకుల స్పందనను బట్టి మార్పులు చేయడం కూడా తర్వాతి విడతలోనే వీలవుతుంది. ఆ వారం వార్తలపై నడిచే సిరీస్‌కు ఈ పద్ధతి సరిపడదు.

తొలి నాలుగు ఎపిసోడ్లు చేతికొచ్చి, తర్వాతి నాలుగింటి గొంతుల రికార్డింగు ముగిశాకే మొదటి విడుదల తేదీ ప్రకటించాలి. విడుదలైన ప్రతిసారీ చేతిలో మిగిలినవి లెక్కపెట్టుకోవాలి. తర్వాతి విడత రెండరింగ్ మొదలుకాకముందే ఆ లెక్క ఒకటికి దిగితే, రాబోయే తేదీ తప్పే ప్రమాదం మొదలైనట్టే.