చనిపోతే తిరిగిరాని సైనికులు

వీడియో గేముల్లో చావును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పాత్ర చనిపోతే, అంతకుముందు సేవ్ చేసుకున్న చోటి నుంచి మళ్లీ ఆడతారు. కొన్ని గేములు ఆ వెసులుబాటు ఇవ్వవు. వాటిలో పోయినవాళ్లు పోయినట్టే. దీన్ని పర్మాడెత్ అంటారు. 1980 నాటి ‘రోగ్’ గేమ్‌తో ఈ పద్ధతికి పేరొచ్చింది. కంప్యూటర్ బొమ్మ పోతే మనిషికి నిజంగా బాధ ఎందుకు కలుగుతుందో అర్థం కావాలంటే మాత్రం, 2012లో ఫిరాక్సిస్ సంస్థ తెచ్చిన ‘ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్’ను చూడాలి.

భూమి మీద దండెత్తిన గ్రహాంతరవాసులతో పోరాటం ఇది. మొదట నలుగురు, తర్వాత ఆరుగురు సైనికులను పంపాలి. మన వంతులో మనవాళ్లు కదులుతారు, తర్వాత శత్రువుల వంతు. కొత్తగా చేరిన సైనికుడికి గేమ్ ఏ గతాన్నీ రాసిపెట్టదు. పేరు, జుట్టు, కవచం రంగు మనమే మార్చుకోవచ్చు. చాలామంది స్నేహితుల పేర్లో, అన్నదమ్ముల పేర్లో పెట్టుకుంటారు. నాలుగు పోరాటాలు గెలిచి ర్యాంకు పెరిగాక గేమే అతనికో ముద్దుపేరు తగిలిస్తుంది. ఎవరిని ఎవరు ఏ ఊళ్లో కాపాడారన్నది ఏ రచయితా రాసింది కాదు, మన ఆటలోంచి పుట్టింది. ఇంకొకరి ఆటలో ఆ మనిషి ఉండడు.

ఆ చావు ఎలా వస్తుందో చూడండి. శత్రువులు ఇద్దరు ముగ్గురు చొప్పున గుంపులుగా ఉంటారు. మన కంటపడగానే, తమ వంతు కోసం ఆగకుండా పరుగెత్తి చాటుకు చేరతారు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కొత్త చోటికి మొదటి సైనికుడినే పంపుతారు. శత్రువు ఎదురైతే కాల్చడానికి మిగతా ఐదుగురూ సిద్ధంగా ఉంటారు. ఇప్పుడు ఐదుగురూ కదిలిపోయారనుకుందాం. మిగిలింది మొదటి నుంచీ ఉన్న స్నైపర్ ఒక్కతే. ఆ లారీ వెనక ఏముందో చూద్దామని ఆమెను ముందుకు ఉరికించాం. ముగ్గురు శత్రువులు బయటపడి చాటుకు చేరారు. కాల్చడానికి మనవైపు ఎవరికీ వంతు లేదు. వాళ్ల వంతు వచ్చింది, ఆమె కూలిపోయింది.

ఒక్కోసారి ప్రాణం వెంటనే పోదు. రక్తం కారుతూ పడి ఉంటే మూడు వంతుల గడువు దొరుకుతుంది. ఆలోగా మెడికిట్ ఉన్నవాడు చేరుకోవాలి, అదీ తుపాకుల మధ్య నుంచే. చేరలేకపోతే, ఎన్ని పోరాటాల్లో పాల్గొంది, ఎందరిని చంపింది అన్న లెక్కతో ఆమె పేరు బ్యారక్స్‌లోని స్మారక గోడ మీదికి ఎక్కుతుంది. ఆ గోడ ముందు నిలబడ్డ ఆటగాడికి తను తప్పటడుగు వేసింది ఎక్కడో స్పష్టంగా తెలుసు. నా దృష్టిలో అనుబంధాన్ని గట్టిపరిచేది ఆ ఎరుకే. పేరు పెట్టడం దానికి నాంది మాత్రమే.

ఆ ఎరుక లేనప్పుడు ఇదే చావు చిరాకు పుట్టిస్తుంది. ఈ గేమ్ విడుదలైన కొత్తలో ఒక లోపం ఉండేది. దూరంగా ఉండాల్సిన శత్రువులు హఠాత్తుగా మన గుంపు మధ్యలో ప్రత్యక్షమయ్యేవారు. ‘ఐరన్‌మ్యాన్’ పద్ధతిలో ఆడేవారికి ఉండేది ఒకే సేవ్. దాన్ని గేమే ఎప్పటికప్పుడు తిరగరాస్తుంటుంది కాబట్టి వెనక్కి వెళ్లే దారి లేదు. అక్కడ పోయిన సైనికుడి మీద దుఃఖం రాదు, గేమ్ మీద కోపం వస్తుంది. 85 శాతం అని చూపించిన గుండు గురి తప్పడం వేరు. ఆ అంకె చూసే కదా కాల్చమన్నాం. అయినా మన మనసు 85ను దాదాపు ఖాయం అనుకుంటుంది. అందుకే 2016లో వచ్చిన ‘ఎక్స్‌కామ్ 2’ తేలిక స్థాయుల్లో, చూపిన అంకె కంటే అసలు అవకాశాన్ని లోలోపల కాస్త పెంచారు.

రెండో చిరాకు నష్టం పరిమాణం వల్ల వస్తుంది. ఆట సగంలో ఆరితేరిన ఆరుగురూ ఒకేసారి పోతే మిగిలేది గురి కుదరని కొత్తవాళ్లు. శత్రువులేమో రోజురోజుకూ బలపడుతుంటారు. కొత్తవాళ్లు అనుభవం వచ్చేలోపే చస్తారు. ఓటమి అప్పుడే ఖాయమైపోయినా ఆట మాత్రం గంటల తరబడి సాగుతుంది. ఆ దశలో చనిపోయేవాళ్ల పేర్లు కూడా గుర్తుండవు, పోయిన గంటలే గుర్తుంటాయి. ‘రోగ్’ తరహా గేముల్లో ఈ ఈడ్పు తక్కువ. చావుతో ఆట అక్కడే ముగుస్తుంది, వెంటనే కొత్తది మొదలవుతుంది.

జపాన్‌లో 1990లో మొదలైన ‘ఫైర్ ఎంబ్లెమ్’ది ఇంకో ఇబ్బంది. అక్కడ ప్రతి పాత్రకూ రచయితలు రాసిన కథ ఉంటుంది. పాత్ర పోతే అందులో ఆ పాత్రకు మిగిలిన కథా పోతుంది. అందుకని ఎవరైనా చనిపోగానే చాలామంది ఆట ఆపి ఆ పోరాటాన్ని మొదటి నుంచి ఆడేవారు. అది మోసమని నేననుకోను. 2010లో వచ్చిన భాగంలో, పడిపోయినవాళ్లు తర్వాతి పోరాటానికి తిరిగొచ్చే పద్ధతిని కూడా చేర్చారు.

‘ఎక్స్‌కామ్’ మొదటిసారి ఆడేవారికి నేను ఐరన్‌మ్యాన్ వద్దంటాను. గేమ్ లోపం వల్లో, నొక్కబోయింది ఒకటి నొక్కింది ఇంకొకటి అయినందువల్లో సైనికుడు పోతే పాత సేవ్ తెరవండి. లారీ వెనక్కి మీరే పంపిన స్నైపర్ విషయంలో మాత్రం తెరవకండి.