స్టేజీ మీద ఆంప్ లేని గిటారు

2013 డిసెంబరు 8న అమెరికన్ మెటల్ బృందం మెటాలికా అంటార్కిటికాలో కచేరీ చేసింది. అర్జెంటీనా వాళ్ల కార్లీనీ స్థావరంలో ఒక పారదర్శకమైన గుడారం, అందులో సుమారు 120 మంది శ్రోతలు. అక్కడి పర్యావరణానికి భంగం కలగకూడదని పెద్ద స్పీకర్లు పెట్టలేదు. పాటలన్నీ అందరూ హెడ్‌ఫోన్లలోనే విన్నారు. గిటార్ల వెనక ఎప్పుడూ ఉండే ట్యూబు ఆంప్లిఫయర్ల చోట ఆ రోజు యాక్స్-ఎఫ్‌ఎక్స్ అనే డిజిటల్ మోడలర్లు ఉన్నాయి. విశేషం ఏమిటంటే, ఆ తర్వాత మామూలు స్టేడియం కచేరీలకు కూడా వాళ్లు వాటినే వెంట తీసుకెళ్లారు.

ట్యూబు అంటే పాత వాల్వు రేడియోల్లో ఎర్రగా వెలిగే ఆ గాజుబుడ్డే. మిగతా పరికరాల్లో ట్రాన్సిస్టర్ దాన్ని ఎప్పుడో తరిమేసింది, గిటారు ఆంప్‌లో మాత్రం తరమలేకపోయింది. కారణం, మోయలేనంత సిగ్నల్ ఇచ్చినప్పుడు ట్యూబు ప్రవర్తించే తీరు. శబ్దతరంగపు శిఖరాలను అది ఒక్కసారిగా కోసేయదు, క్రమంగా నొక్కుతుంది. తీగను గట్టిగా మీటితే లోపలి వోల్టేజి క్షణంపాటు కుంగి మళ్లీ లేస్తుంది, స్వరం కూడా దానితోపాటే ఒదిగి పైకొస్తుంది. మెల్లగా మీటితే అదే ఆంప్ శుభ్రంగా పలుకుతుంది. వాద్యకారుడి వేలికి ఆంప్ బదులిస్తున్నట్టుండే ఈ గుణం కోసమే గిటారిస్టులు అంత బరువూ, అంత వేడీ భరించారు.

మోడలర్ ఈ దశలన్నిటినీ లెక్క కట్టి చేస్తుంది. సిగ్నల్‌ను సెకనుకు 48,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ట్యూబులూ, ట్రాన్స్‌ఫార్మరూ మార్చే పద్ధతిలో మారుస్తుంది. చివర స్పీకరు వంతు. గిటారు ఆంప్‌లోని పన్నెండు అంగుళాల కాగితపు కోను పై స్థాయి శబ్దాలను బాగా తగ్గిస్తుంది. అది లేకుండా నేరుగా వింటే డిస్టార్షన్ అంతా జోరీగ మోతలా ఉంటుంది. అందుకే ఒక అసలైన స్పీకర్ పెట్టెలోకి పరీక్షా శబ్దం పంపి, ముందున్న మైకుకు ఎలా వినబడిందో రికార్డు చేసి, ఆ ముద్రను మోడలర్‌లో వాడతారు. దీని పేరు ఇంపల్స్ రెస్పాన్స్.

నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడే ఉంది. పెద్ద కచేరీలో వెనక వరుసలో నిలబడ్డ మనిషి గిటారు ఆంప్‌ను నేరుగా ఏనాడూ వినలేదు. ఆంప్ ముందు పెట్టిన మైకుకు అందినదాన్ని హాలు స్పీకర్లలో విన్నాడు. ఆ మైకు కోను నడుమ నుంచి అంచు వైపు అర అంగుళం జరిగినా స్వరం మందగిస్తుంది. పక్కనున్న డ్రమ్ముల చప్పుడు కూడా అందులోకి దూరుతుంది. దీనికితోడు ట్యూబులు అరుగుతాయి, ఊరు మారితే కరెంటు వోల్టేజి మారుతుంది. నిన్న అద్భుతంగా పలికిన ఆంప్ ఈ రాత్రి అలాగే పలుకుతుందన్న హామీ లేదు. మోడలర్‌లో మైకు స్థానంతో సహా అన్నీ నిన్నటివే. సౌండ్ ఇంజనీరు చేతికి రోజూ ఒకే గిటారు వస్తుంది. స్టేజీ నిశ్శబ్దంగా ఉండటంతో గాయకుడి మైకు కూడా తేటపడుతుంది.

అలాగని లోపాలు లేకపోలేదు. డిస్టార్షన్ పుట్టించే అతి పై స్వరాలను లెక్క మోయలేకపోతే అవి కిందికి మడతపడి, సంబంధం లేని అపస్వరాలుగా వస్తాయి. పసిగట్టడం సులువే: డిస్టార్షన్ పెంచి, సన్న తీగను పై మెట్ల దగ్గర మెల్లగా సాగదీయండి. స్వరం పైకి పోతుంటే వెనకాల ఇంకొక సన్నని ధ్వని కిందికి దిగుతుంటే, ఆ యంత్రం లెక్క చాలడం లేదన్నమాట. ఆలస్యం గురించి మాత్రం అంత భయం అక్కర్లేదు. మూడు మిల్లీసెకన్లంటే స్పీకరుకు ఒక మీటరు దూరంలో నిలబడ్డట్టే.

నిజంగా పోయేది గాలి. భారీ స్పీకర్ పెట్టె ముందు నిలబడితే ఆ ధ్వని గిటారు తీగల్ని కదిలిస్తుంది, స్వరం ఆగకుండా మోగుతుంది. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి ఆ సాయం అందదు. అందుకే కొందరు మోడలర్ నుంచి రెండు దారులు తీస్తారు. ఒకటి స్పీకరు ముద్రతో నేరుగా హాలు మిక్సరుకు, మరొకటి ఆ ముద్ర లేకుండా పవర్ ఆంప్ ద్వారా స్టేజీ మీది నిజమైన స్పీకర్ పెట్టెకు. రెండో దారిలో ముద్రను ఆపడం మరిచిపోతే స్పీకరు మీద స్పీకరు పడి గిటారు దుప్పటి కప్పుకున్నట్టు మూగబోతుంది. సౌండ్ చెక్‌లో అలా వినబడితే ఈక్వలైజరు జోలికి పోకుండా ముందు చూడాల్సింది ఆ ఒక్క స్విచ్చినే.