మూడు బిల్లులు, మూడు ధరలు: మాత్రికలో ఎలిమినేషన్ ఇలా చేయాలి

బళ్లారిలోనో హోసూరులోనో బరంపురంలోనో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో మరో భాషలో చదివి, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో చేరిన పిల్లలకు మాత్రికల పాఠం ఇంగ్లీషులోనే ఎదురవుతుంది. లెక్క చేయడం వస్తుంది కానీ, ఆ అడుగు ఎందుకు వేశామో తెలియదు. ఇంటి భాషలో ఒక్క లెక్క పూర్తిగా చేసి చూద్దాం.

ఒక పెన్సిలు, ఒక పెన్ను, ఒక నోటుబుక్కు కొంటే 60 రూపాయలైంది. రెండు పెన్సిళ్లు, రెండు పెన్నులు, ఐదు నోటుబుక్కులకు 210. ఒక పెన్సిలు, మూడు పెన్నులు, రెండు నోటుబుక్కులకు 130. పెన్సిలు ధర x, పెన్ను ధర y, నోటుబుక్కు ధర z అనుకుని, అంకెలు మాత్రమే వరుసగా రాస్తే ఇలా ఉంటుంది. గీతకు ఎడమ పక్క ఉన్నది గుణకాల మాత్రిక, కుడి పక్కన బిల్లు మొత్తాలు.

```
1  1  1 |  60
2  2  5 | 210
1  3  2 | 130
```

మొదటి నిలువు వరుసలో పైనున్న 1 కింద సున్నాలు తేవాలి. అంటే రెండో బిల్లులోంచి మొదటి బిల్లును రెండుసార్లు, మూడో బిల్లులోంచి ఒకసారి తీసేయాలి.

```
R2 → R2 − 2R1
R3 → R3 − R1

1  1  1 |  60
0  0  3 |  90
0  2  1 |  70
```

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. రెండో వరుసలో y ఉండాల్సిన చోట సున్నా ఉంది, దానితో కింద ఉన్న 2ను తీసేయలేం. తప్పు చేశామేమోనని మళ్లీ మొదటికి వెళ్లక్కర్లేదు. రెండు, మూడు వరుసలను తారుమారు చేస్తే చాలు. బిల్లులను ఏ క్రమంలో పెట్టినా ధరలు మారవు కదా.

```
1  1  1 |  60
0  2  1 |  70
0  0  3 |  90
```

ఇప్పుడు కింది నుంచి పైకి రావాలి. 3z = 90, కాబట్టి నోటుబుక్కు 30. 2y + 30 = 70, కాబట్టి పెన్ను 20. మొదటి బిల్లు ప్రకారం పెన్సిలు 10. రెండో బిల్లులో వేసి చూస్తే 20 + 40 + 150 = 210, సరిపోయింది.

నిర్ధారకం కూడా ఇదే పనిలో దొరుకుతుంది. త్రిభుజాకారంలోకి వచ్చిన మాత్రికలో వికర్ణం మీది అంకెలను గుణిస్తే 1 × 2 × 3 = 6. కానీ వరుసలు ఒకసారి మార్చాం కాబట్టి గుర్తు మారుతుంది. అసలు నిర్ధారకం −6. మార్కులు ఎక్కువగా పోయేది ఈ గుర్తు దగ్గరే. ఇంకో పొరపాటు కూడా ఉంది. ఒక వరుసలోంచి మరో వరుస గుణిజాన్ని తీసేస్తే నిర్ధారకం మారదు. భిన్నాలు రాకుండా R2 → 3R2 − R1 లాంటిది చేస్తే మాత్రం నిర్ధారకం మూడు రెట్లవుతుంది. ఆ 3తో చివర్లో భాగించాలి. ధరల లెక్కకు దీనితో ఇబ్బంది లేదు, నిర్ధారకం అడిగినప్పుడే జాగ్రత్త.

ఇప్పుడు మూడో బిల్లు మారుద్దాం. మూడు పెన్సిళ్లు, మూడు పెన్నులు, ఆరు నోటుబుక్కులకు 270 అనుకోండి. R3 → R3 − 3R1 చేస్తే 0 0 3 | 90 వస్తుంది. రెండో వరుస కూడా అదే. ఒకదాన్ని మరొకదానిలోంచి తీసేస్తే మొత్తం సున్నాలే మిగులుతాయి. కారణం సులువే: మూడో బిల్లు మొదటి రెండింటినీ కలిపి రాసినదే, కొత్త సంగతి ఏమీ చెప్పలేదు. నోటుబుక్కు 30 అని తెలుస్తుంది కానీ, పెన్సిలు, పెన్ను కలిపి 30 అన్నంతవరకే తెలుస్తుంది. 10, 20 కావచ్చు. 5, 25 కావచ్చు. రెండూ ప్రతి బిల్లులోనూ సమానంగానే కొన్నారు కాబట్టి వాటిని విడదీయలేం. గణితపరంగా సాధనలు అనంతం.

అదే బిల్లు మీద 280 అని ఉంటే? చివరి వరుస 0 0 0 | 10 అవుతుంది. సున్నా పదికి సమానం అనడం కుదరదు, కాబట్టి ఏ ధరలూ సరిపోవు. ఎక్కడో బిల్లు తప్పు రాశారన్నమాట.

ఈ రెండు సందర్భాల్లోనూ గుణకాల మాత్రిక ఒక్కటే, నిర్ధారకం సున్నాయే. అందుకే నిర్ధారకం సున్నా రాగానే ‘సాధన లేదు’ అని రాసేయకూడదు. ఏకైక సాధన లేదని మాత్రమే అది చెబుతుంది. అసలు సాధనే లేదా, లెక్కలేనన్ని ఉన్నాయా అన్నది తేలాలంటే గీతకు కుడి పక్కనున్న అంకెను కూడా చివరిదాకా వెంట తీసుకెళ్లాలి. సున్నాల వరుస పక్కన సున్నా ఉంటే అనంత సాధనలు, మరేదైనా ఉంటే సాధన లేదు.