చేతిలో ఒకటి మరిచిపోయిన కూడిక

"అయ్యా, నా వెయ్యి రూపాయలు మీ బ్యాంకు వాళ్ళు తినేశారు. పుస్తకమంతా తప్పుల తడక. వెంటనే నా డబ్బు నాకు ఇప్పించండి." 1994 జులైలో మా బ్రాంచికి వచ్చిన ఒక ఫిర్యాదు ఇంతే. ఏ ఖాతానో లేదు, ఏ తేదీనో లేదు. బండి మీద ఇడ్లీ, దోసె అమ్ముకునే ఒకావిడ తెచ్చి ఇచ్చింది. మేనేజరు గారు చదివి, "చూద్దాంలెండమ్మా" అని ట్రేలో పడేశారు. అది అక్కడే ఉండిపోయింది.

నాలుగు రోజుల తర్వాత ఆవిడే ఇంకో ఉత్తరం తెచ్చింది. ఈసారి పదో తరగతి చదువుతున్న కూతురు రాసిపెట్టిందట. అరఠావు కూడా నిండలేదు. అది చదివిన పది నిమిషాల్లో మేనేజరు గారు లెడ్జరు తెప్పించారు, ఆ వెంటనే నన్నూ పిలిపించారు. ఎందుకంటే ఆ తప్పు కూడిక నాదే.

అప్పట్లో మా బ్రాంచికి కంప్యూటరు లేదు. డబ్బు కట్టేవాళ్ళు స్లిప్పు రాసి క్యాషు కౌంటర్లో ఇస్తే, క్యాషియరు ముద్ర వేసి, కౌంటరు ఫాయిలు చింపి వాళ్ళకిచ్చేవాడు. మిగతా స్లిప్పు నా బల్ల మీదికి వచ్చేది. ఖాతాదారు పేజీ తీసి, జమ కాలంలో మొత్తం వేసి, పాత నిల్వకు కలిపి కొత్త నిల్వ రాయడం నా పని. దాన్ని చూసి పాసుపుస్తకంలోకి ఎక్కించేవాణ్ని. ఆఫీసరు గారు స్లిప్పులోని మొత్తం, లెడ్జరులోని మొత్తం సరిచూసి ఇనీషియల్ వేసేవారు. నిల్వను కూడా మళ్ళీ కూడి చూడాలన్నది నియమమే. కానీ సంత రోజున, ఎదురుగా డెబ్బై మంది నిలబడి ఉంటే, అంత తీరిక ఎవరికుంటుంది?

ఆవిడ పుస్తకంలో జూన్ 12 నాటికి నిల్వ 19,710 రూపాయలు. జూన్ 19న 4,360 కట్టింది. కూడి చూడండి. సున్నా, సున్నా కలిపితే సున్నా. ఒకటి, ఆరు ఏడు. ఏడు, మూడు పది. సున్నా వేసి, చేతిలో ఒకటి. తొమ్మిది, నాలుగు పదమూడు. చేతిలో ఒకటి కలిపితే పద్నాలుగు. అలా 24,070 రావాలి. నేను చేతిలో ఒకటి మరిచిపోయి 23,070 అని వేశాను. ఆ తర్వాత జూన్ 26న రెండు వేలు తీసుకుంది, జులై 3న 1,800 కట్టింది. ఈ రెండు లెక్కలూ సరిగానే చేశాను గానీ మొదలే తప్పు కాబట్టి, ఆఖరి నిల్వ 23,870 ఉండాల్సిన చోట 22,870 పడింది.

పుస్తకమంతా తప్పులని ఆవిడకు అనిపించింది అందుకే. నిజానికి తప్పు ఒక్కటే. కింది వరసలన్నీ దాన్ని మోస్తున్నాయి. ఫిర్యాదు రాసేవారు ముందుగా చేయాల్సిన పని, తప్పు మొదలైన వరస పట్టుకోవడం. ప్రతి వరసలోనూ పై నిల్వకు జమ కలిపి, తీసినది తీసేసి, పక్కనున్న అంకెతో పోల్చుకుంటూ దిగాలి. మొట్టమొదట ఎక్కడ పొసగలేదో ఉత్తరంలో రాయాల్సింది అదొక్కటే.

ఆ అమ్మాయి చేసిందదే. ఉత్తరం ఇంచుమించు ఇలా ఉంది:

"బ్రాంచి మేనేజరు గారికి. విషయం: సేవింగ్స్ ఖాతా నంబరు 4417లో జూన్ 19 నాటి నిల్వ కూడిక తప్పు. అయ్యా, మా పాసుపుస్తకం 7వ పేజీలో జూన్ 12న నిల్వ రూ.19,710 అని ఉంది. జూన్ 19న మేము రూ.4,360 కట్టాము. రెండూ కలిపితే రూ.24,070 కావాలి. రూ.23,070 అని రాశారు. అక్కణ్నుంచి అన్ని నిల్వలూ రూ.1,000 తక్కువగా ఉన్నాయి. జులై 3 నాటికి రూ.23,870 ఉండాలి. జూన్ 19 నాటి కౌంటరు ఫాయిలు మా దగ్గర ఉంది. తమరు లెడ్జరు చూసి, తప్పు మా పుస్తకంలోనే ఉందా, లెడ్జరులో కూడా ఉందా తెలిపి, సరిచేయించి సంతకం పెట్టించగలరు. ఇందువల్ల వడ్డీ తగ్గితే అది కూడా కలిపించగలరు."

తిట్టు లేదు, ఆరోపణ లేదు. అయితే మర్యాద ఒక్కటే ఆ ఉత్తరాన్ని కదిలించలేదు. కోపంగా రాసినా, ఆ నాలుగు అంకెలూ ఉంటే మేనేజరు గారు లెడ్జరు తెరిచేవారే. "తప్పు పుస్తకంలోనేనా, లెడ్జరులో కూడానా?" అన్న ప్రశ్న మాత్రం చాలామంది పెద్దవాళ్ళకు కూడా తట్టదు. పాసుపుస్తకం లెడ్జరుకు నకలు మాత్రమే. నకలు రాయడంలో తప్పు జరిగి ఉంటే, సరైన అంకె వేసి ఇనీషియల్ పెడితే సరిపోతుంది. లెడ్జరులోనే తప్పుంటే వడ్డీ కూడా తప్పుతుంది. ఆ రోజుల్లో సేవింగ్స్ వడ్డీని నెలలో పదో తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న కనీస నిల్వ మీద కట్టేవాళ్ళు. జూన్‌లో ఆ కనీస నిల్వ 19,710. అది తప్పుకు ముందటిదే కాబట్టి ఆ నెల వడ్డీకి దెబ్బ తగల్లేదు. జులై అలాగే గడిచిపోయి ఉంటే మాత్రం వెయ్యి రూపాయల మీద వడ్డీ పోయేది. 2010 ఏప్రిల్ 1 నుంచి వడ్డీ రోజువారీ నిల్వ మీద కడుతున్నారు గనుక, ఇప్పుడైతే తప్పు పడిన రోజు నుంచే నష్టం మొదలవుతుంది.

లెడ్జరు తెరిచి చూస్తే అక్కడా 23,070 అనే ఉంది. నాకు చెమటలు పట్టాయి గానీ, మేనేజరు గారి మొహం వెలిగిపోయింది! జూన్ నెలాఖరు బ్యాలెన్సింగులో ఖాతాలన్నిటి నిల్వలూ కూడితే, జనరల్ లెడ్జరులో ఉండాల్సిన దానికంటే వెయ్యి రూపాయలు తక్కువ వస్తున్నాయి. వారం రోజులుగా సాయంత్రాలు కూర్చుని ఆ డిఫరెన్సు వెతుకుతున్నాం. డబ్బు క్యాషులో సరిగ్గానే ఉంది, ఎవరూ తినలేదు; కాగితం మీద ఒక ఒకటి తప్పిపోయింది. ట్రేలో పడి ఉన్న మొదటి ఉత్తరంలో "వెయ్యి" అన్న మాట మాకు అప్పుడే కనిపించి ఉండాల్సింది. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

వెతికేటప్పుడు మేము మొదట తేడా మొహం చూసేవాళ్ళం. సరిగ్గా పదో, వందో, వెయ్యో తేడా వస్తే చేతిలో ఒకటి మరిచిపోయారని అనుమానం. తేడా తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు: 4,360ని 4,630గా ఎక్కిస్తే తేడా 270, అంటే తొమ్మిది ముప్ఫైలు. తేడాలో సగం ఏదో ఒక ఎంట్రీతో సమానమైతే, జమ చేయాల్సింది ఖర్చు వైపు పడిందని అర్థం. 1,800 కలపడానికి బదులు తీసేస్తే 3,600 తేడా వస్తుంది. తేడా ఒక ఎంట్రీకి సరిసమానమైతే, ఆ ఎంట్రీ ఎక్కనే లేదు, లేదా ఇంకొకరి ఖాతాలో పడింది. ఇవి అనుమానాలే తప్ప రుజువులు కావు. కానీ ఉత్తరంలో ఇలాంటి ఒక్క వాక్యం చేరిస్తే బ్యాంకు వాళ్ళ వెతుకులాట సగం తగ్గుతుంది.

సరిదిద్దడం ఎలా చేశామంటే, తప్పు అంకెను చెరపలేదు, దాని మీద దిద్దలేదు. చదవడానికి వీలుగా ఒక గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, ఆఫీసరు గారు ఇనీషియల్ చేశారు. తర్వాతి రెండు నిల్వలకూ అంతే. బ్లేడుతో గీకినట్టో, తెల్ల రంగు పూసినట్టో కనిపించే దిద్దుబాటును ఒప్పుకోవద్దు.

ఇదంతా చేతిరాత కాలం. ఇప్పుడు కంప్యూటరు చేతిలో ఒకటి మరిచిపోదు. అయినా అచ్చయిన పాసుపుస్తకంలో "కూడిక కలవడం లేదు" అని వచ్చేవాళ్ళున్నారు. ఎక్కువసార్లు నిల్వ సరైనదే, మధ్యలో కొన్ని వరసలు అచ్చు కాలేదు. కాగితం ఇరుక్కుని ఉంటుంది, లేదా పేజీ తిప్పేటప్పుడు వరస మీద వరస పడి ఉంటుంది. పై నిల్వకూ కింది నిల్వకూ లెక్క కుదరకపోతే, ఆ తేడాయే కనిపించని వరసల నికర మొత్తం. అందుకే ఇప్పటి ఉత్తరంలో "కూడిక తప్పు" అనే ముందు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా స్టేట్‌మెంటు ఇవ్వమని అడిగి రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి. స్టేట్‌మెంటులో కూడా పొసగకపోతే అప్పుడు నిజంగా గట్టిగా అడగాల్సిన విషయమే.

అచ్చు పుస్తకంలో ఎవరైనా చేత్తో ఎంట్రీ రాసి ఇస్తే మాత్రం సంగతి వేరు. డబ్బు తీసుకుని, కంప్యూటరులో ఎక్కించకుండా, పుస్తకంలో పెన్నుతో రాసి పంపడం పాత మోసం. ఫోనుకు మెసేజి రాలేదంటే, స్టేట్‌మెంటులో ఆ మొత్తం లేదంటే, అది కూడిక తప్పు కాదు. ఆ ఉత్తరం కౌంటరు గుమాస్తాకు కాక, సరాసరి మేనేజరు చేతికి, అదే రోజు ఇవ్వాలి.

నిల్వ ఎక్కువ పడినా ఇదే ఉత్తరం రాయాలి. పొరపాటున వచ్చిన డబ్బు తిరిగి ఇచ్చేయాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షను చెబుతోంది. పుస్తకంలో ఉంది కదా అని ఖర్చు పెట్టేస్తే, తర్వాత అదంతా సర్దుకోవాల్సింది మీరే.

ఉత్తరం రెండు ప్రతులు రాయండి. ఒకటి బ్యాంకుకు, రెండోదాని మీద తేదీతో ముద్ర, సంతకం తీసుకోండి. రిజర్వు బ్యాంకు సమగ్ర అంబుడ్స్‌మన్ పథకంలో ముందు బ్యాంకుకే ఫిర్యాదు చేయాలి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా పైకి వెళ్ళవచ్చు. ఆ ముప్ఫై రోజులూ ఎప్పటినుంచో చూపించేది ఆ ముద్రే. ఫిర్యాదు cms.rbi.org.in లో చేయవచ్చు, రుసుము లేదు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు. మీ ఊరి వ్యవసాయ సహకార పరపతి సంఘం పాసుపుస్తకం అయితే ఈ దారి పనికిరాదు. దాని ఫిర్యాదు సహకార శాఖ అధికారుల దగ్గరికి వెళుతుంది.

ఒక్క మాట. పాసుపుస్తకం అసలును ఫిర్యాదుతో జతచేసి ఇచ్చి రాకండి. తప్పున్న పేజీ, దాని ముందు పేజీ జిరాక్సు తీసి పెట్టండి, అసలు చూపించి మళ్ళీ సంచిలో వేసుకోండి. ఆ ఇడ్లీ బండి ఆవిడ అలాగే చేసింది. నేను ఎంత అడిగినా పుస్తకం చేతికివ్వలేదు. తనే పట్టుకుని నిలబడి నా చేత దిద్దించుకుంది.