కొవ్వొత్తి మైనాలు: మండే కాలం, మసి, సువాసన

కొవ్వొత్తిలో ప్రధానంగా మండేది వత్తి కాదు, మైనం. అది కరిగి, వత్తి గుండా పైకి పాకి, ఆవిరై మండుతుంది. పెట్రోలియం నుంచి వచ్చే పారాఫిన్, సోయా నూనెను హైడ్రోజనీకరించి చేసే సోయా మైనం, తేనెటీగల మైనం మూడింటికీ ఈ క్రమం ఒక్కటే.

మండే కాలాన్ని మీరే కొలవవచ్చు. 200 గ్రాముల కొవ్వొత్తిని 3 గంటలు వెలిగించి, ఆర్పి, చల్లారాక తూచండి. 182 గ్రాములు మిగిలితే గంటకు 6 గ్రాములు ఖర్చయినట్లు. అంటే మొత్తం సుమారు 33 గంటలు మండుతుంది. ఒకే కొలత గల గాజు పాత్రల్లో సాధారణంగా పారాఫిన్ త్వరగా, మిగిలిన రెండూ నెమ్మదిగా తరుగుతాయి.

మసికి కారణం అసంపూర్ణ దహనం. పారాఫిన్‌లో ఇది ఎక్కువగా కనబడినా, వత్తి పొడవుగా ఉంటే ఏ మైనమైనా మసి కడుతుంది. అవసరానికి మించిన మైనం పైకి చేరి, మంట ఊగి, గాజు అంచు నల్లబడుతుంది. కాబట్టి వెలిగించే ముందు వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరించాలి.

తేనెమైనానికి సహజంగానే తేనె వాసన ఉంటుంది. తెల్లగా శుద్ధి చేస్తే అది తగ్గుతుంది. కలిపిన పరిమళాన్ని పారాఫిన్ బాగా వెదజల్లుతుంది. సోయా కొవ్వొత్తిని మాత్రం పోసిన తర్వాత ఒకటి రెండు వారాలు ఆగి వెలిగిస్తేనే వాసన నిండుగా వస్తుంది.